300 కేవీ సర్జ్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకు వచ్చేసరికి 545 కేవీ ఎలా అవుతోంది?

ఫైనలియర్_ఈఈఈ

అందరికీ నమస్కారం. ఒక లెక్క రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ఓవర్‌హెడ్ లైను సర్జ్ ఇంపెడెన్స్ 400 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌ది 4000 ఓమ్‌లు అనుకున్నాను. లైను మీద 300 కేవీ సర్జ్ అల వస్తోంది. ఫార్ములా ప్రకారం వేస్తే ఇలా వచ్చింది:

```
Vt = V * 2*Z2/(Z1+Z2) = 300 * 8000/4400 = 545 kV
Vr = V * (Z2-Z1)/(Z2+Z1) = 300 * 3600/4400 = 245 kV
```

లెక్కలో తప్పేమీ కనిపించడం లేదు. కానీ అర్థం కాని విషయం ఒకటుంది. వచ్చిన అలలో చాలా భాగం వెనక్కి తిరిగిపోతే, లోపలికి వెళ్ళేది తగ్గాలి కదా? ఇక్కడ 245 వెనక్కి పోతోంది, అయినా లోపలికి 545 వెళుతోంది. రెండూ కలిపితే వచ్చినదానికంటే ఎక్కువ. శక్తి ఎక్కడి నుంచి వస్తోంది?

కంట్రోల్‌రూమ్_రవి

తమ్ముడూ, ఇందులో పెద్ద విషయమేమీ లేదు. హై ఇంపెడెన్స్ అంటే దాదాపు ఓపెన్ సర్క్యూట్. ఓపెన్ సర్క్యూట్ దగ్గర వోల్టేజ్ రెట్టింపవుతుంది. పది రెట్ల ఇంపెడెన్స్ కాబట్టి నీకు రెండు రెట్లకు కాస్త తక్కువ వచ్చింది. పరీక్షకు ఇది చాలు. శక్తి గురించి ఆలోచించకు, అది వోల్టేజ్ ఫార్ములా.

ఫైనలియర్_ఈఈఈ

రవి అన్నా, పరీక్షకు సరిపోతుంది, నిజమే. కానీ శక్తి గురించి ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను.

రిలే_టెస్టర్

నాది ఒక సందేహం. మా ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ మీద ఇంపెడెన్స్ 12.5 శాతం అని ఉంటుంది. దాన్ని ఓమ్‌లలోకి మారిస్తే ఈ 4000 వస్తుందా? నేను ఒక 50 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు 132 కేవీ వైపు లెక్క వేస్తే సుమారు 44 ఓమ్‌లే వచ్చింది. అంటే అది లైను కంటే తక్కువే. అప్పుడు రిఫ్లెక్షన్ నెగటివ్‌గా ఉండి, వోల్టేజ్ తగ్గాలి కదా?

ఇంపల్స్_ల్యాబ్

రిలే_టెస్టర్ గారూ, ముందు మీ సందేహం తీరుద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. నేమ్‌ప్లేట్ మీద ఉన్నది షార్ట్ సర్క్యూట్ ఇంపెడెన్స్. 50 హెర్ట్జ్ దగ్గర, అవతలి వైండింగ్‌ను షార్ట్ చేసి కొలిచినది. అక్కడ లీకేజ్ ఫ్లక్సే లెక్కలోకి వస్తుంది. సర్జ్ వచ్చినప్పుడు జరిగేది వేరు. మైక్రోసెకనులో కొంత భాగంలో వోల్టేజ్ పైకి లేస్తుంది కాబట్టి, వైండింగ్‌లో ప్రతి చుట్టు ఇండక్టెన్స్, చుట్టుకూ చుట్టుకూ మధ్య, చుట్టుకూ కోర్‌కూ మధ్య ఉన్న కెపాసిటెన్స్ అన్నీ పనిచేస్తాయి. చుట్లు దగ్గరగా చుట్టి ఉండటం వల్ల యూనిట్ పొడవుకు ఇండక్టెన్స్ లైనుకంటే చాలా ఎక్కువ. అందుకే సర్జ్ ఇంపెడెన్స్ వేల ఓమ్‌లలో వస్తుంది. మీ 44 ఓమ్‌లను ఇక్కడ వాడితే పూర్తిగా తలకిందులైన సమాధానం వస్తుంది.

ఇక ఫైనలియర్ ప్రశ్న. రవి గారు చెప్పిన రెట్టింపు సగం నిజమే, దాని గురించి తర్వాత చెప్తాను. శక్తి సంగతి ముందు చూద్దాం. వోల్టేజ్‌లను ఇలా కూడినప్పుడు వచ్చే సంఖ్యకు శక్తితో సంబంధం లేదు. కరెంటు కూడా తీసుకో.

వస్తున్న అల కరెంటు 300 కేవీని 400తో భాగిస్తే 750 ఆంపియర్లు. లోపలికి వెళ్ళే అల కరెంటు 545 కేవీని 4000తో భాగిస్తే 136 ఆంపియర్లే. వెనక్కి పోయే అల కరెంటు 614 ఆంపియర్లు. అది వ్యతిరేక దిశలో ప్రయాణిస్తుంది కాబట్టి దాన్ని మైనస్ అని రాస్తాం. 750 లోంచి 614 తీసేస్తే 136. జంక్షన్ దగ్గర కరెంటు సరిపోయింది.

ఇప్పుడు పవర్. వచ్చింది 300 కేవీ, 750 ఆంపియర్లు, అంటే 225 మెగావాట్లు. లోపలికి వెళ్ళింది 545 కేవీ, 136 ఆంపియర్లు, సుమారు 74 మెగావాట్లు. వెనక్కి తిరిగింది 245 కేవీ, 614 ఆంపియర్లు, సుమారు 151 మెగావాట్లు. రెండూ కలిపితే 225. ఒక్క వాటు కూడా పుట్టలేదు. వచ్చిన శక్తిలో మూడింట ఒక వంతే లోపలికి వెళ్ళింది, అది ఎక్కువ వోల్టేజ్‌తో, తక్కువ కరెంటుతో వెళ్ళింది, అంతే.

ఫైనలియర్_ఈఈఈ

సర్, ఇది ఎవరూ చెప్పలేదు. లెక్క సరిపోయింది. అయినా కళ్ళకు కనిపించేలా చూడాలనుంది. అల వచ్చి తగిలినప్పుడు భౌతికంగా ఏం జరుగుతుంది?

ఇంపల్స్_ల్యాబ్

అలతో పాటు లైను మీద ఛార్జ్ వస్తుంటుంది. వైండింగ్ దాన్ని తేలికగా తీసుకోదు. వెనక నుంచి 750 ఆంపియర్లు వస్తున్నాయి, ముందుకు 136 మాత్రమే వెళ్తున్నాయి. మిగతా ఛార్జ్ జంక్షన్ దగ్గర పేరుకుంటుంది. ఛార్జ్ పేరుకుంటే వోల్టేజ్ పెరగాల్సిందే. పేరుకున్న అంచు వెనక్కి జరుగుతూ పోతుంది. ఆ జరుగుతున్న అంచునే మనం రిఫ్లెక్టెడ్ వేవ్ అంటున్నాం.

ఇంకో వైపు నుంచి చూడాలంటే, పూర్తిగా ఓపెన్ అయిన చివర అనుకో. పోతున్న అలలో సగం శక్తి ఎలక్ట్రిక్ ఫీల్డ్‌లో, సగం మాగ్నెటిక్ ఫీల్డ్‌లో ఉంటుంది. రెండు అలలు కలిసిన చోట కరెంటు సున్నా. అక్కడ మాగ్నెటిక్ ఫీల్డ్ లేదు. అయితే ఆ జాగాలో రెండు అలల శక్తి ఉంది, నాలుగు సగాలు. అన్నీ ఎలక్ట్రిక్ ఫీల్డ్‌లోనే ఉండాలి. ఒక అలలో ఎలక్ట్రిక్ శక్తి ఒక సగం, ఇక్కడ నాలుగు సగాలు. శక్తి వోల్టేజ్ వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి వోల్టేజ్ రెండు రెట్లు. రవి గారి రెట్టింపు ఇక్కడి నుంచే వచ్చింది.

కంట్రోల్‌రూమ్_రవి

ఇది నేనూ ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. బాగుంది. మరి నేను చెప్పినది సగం నిజం అన్నారు, మిగతా సగం ఏమిటి?

ఇంపల్స్_ల్యాబ్

వైండింగ్ 4000 ఓమ్‌ల రెసిస్టర్ కాదు. మొదటి క్షణంలో ఇండక్టెన్స్ కరెంటును పోనివ్వదు, కాబట్టి అల చూసేది కెపాసిటెన్స్‌నే. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు బుషింగ్‌తో కలిపి అది 1 నుంచి 3 నానోఫారడ్ దాకా ఉండొచ్చు. 2 నానోఫారడ్ అనుకుందాం. ఖాళీ కెపాసిటర్ మొదట షార్ట్ సర్క్యూట్ లాగా ఉంటుంది. కాబట్టి మొదట వోల్టేజ్ పెరగనే పెరగదు. తర్వాత 400 ఓమ్‌ల ద్వారా ఛార్జ్ అవుతుంది. టైమ్ కాన్‌స్టెంట్ 400ను 2 నానోఫారడ్‌తో గుణిస్తే 0.8 మైక్రోసెకన్లు. అంటే రెట్టింపు అవుతుంది, కానీ తక్షణం కాదు. అల ముందు అంచు నిట్టనిలువుగా వచ్చినా టెర్మినల్ దగ్గర అది కాస్త వాలుగా మారుతుంది. నీ 545 కేవీ చివరికి చేరుకునే విలువ, మొదటి క్షణపు విలువ కాదు.

వైండింగ్ లోపల కూడా ఆ మొదటి క్షణంలో వోల్టేజ్ సమంగా పంచుకోదు. నేలవైపు కెపాసిటెన్స్ ఛార్జ్‌ను దారిలోనే లాగేస్తుంది. అందుకే లైను వైపున్న మొదటి కొన్ని డిస్కుల మీదే వోల్టేజ్ కుప్పగా పడుతుంది. సాదా డిస్క్ వైండింగ్‌లో ఆ చివర ప్రవణత సమానంగా పంచితే వచ్చేదానికి అయిదు నుంచి ఇరవై రెట్లు దాకా ఉంటుంది. ఇంటర్‌లీవ్డ్ డిస్కులు వచ్చింది దీన్ని తగ్గించడానికే.

యార్డ్_రామం

ఇది చదివాక నా దగ్గర జరిగిన ఒక విషయం చెప్పాలనిపిస్తోంది. 132 కేవీ ట్రాన్స్‌ఫార్మర్. యార్డు విస్తరించినప్పుడు కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను లోపలి వైపు పెట్టారు. సర్జ్‌ను నేలకు మళ్ళించే అరెస్టర్‌లు లైను ఎంట్రీ దగ్గరే ఉండిపోయాయి. బస్‌బార్ దారిలో లెక్కవేస్తే మధ్య 70 మీటర్లు. ఒక ఉరుముల రాత్రి తర్వాత, లోపల గ్యాస్ చేరితే మోగే బుకోల్జ్ అలారం వచ్చింది. డిఫరెన్షియల్ రిలే కదల్లేదు. ఆయిల్‌లో ఎసిటిలీన్ కనిపించింది. తెరిస్తే హెచ్‌వీ మొదటి రెండు డిస్కుల్లో చుట్ల మధ్య ఇన్సులేషన్ కాలిపోయి ఉంది. అరెస్టర్ కౌంటర్ ఒకటి పెరిగింది, అంటే అది పనిచేసింది. అరెస్టర్ పనిచేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు పోయిందని అందరూ ఇన్సులేషన్ నాణ్యత మీద పడ్డారు. ఆ ప్రశ్న ఇప్పటికీ నాలో ఉంది.

రిలే_టెస్టర్

రామం గారూ, డిఫరెన్షియల్ కదలకపోవడం వింతేమీ కాదు. కొన్ని చుట్లు షార్ట్ అయితే వాటిలో పెద్ద కరెంటు తిరుగుతుంది, కానీ టెర్మినల్ దగ్గర కనిపించేది చాలా తక్కువ. రిలే పికప్‌కు అది చాలదు. గ్యాసే ముందుగా చెబుతుంది. నేనైతే సింగిల్ ఫేజ్ మాగ్నెటైజింగ్ కరెంటు టెస్టు చూసేవాణ్ని, ఒక ఫేజ్‌లో ఒక్కసారిగా పెరిగితే చుట్ల షార్ట్ అని గట్టి అనుమానం. వైండింగ్ రెసిస్టెన్స్ టెస్టులో మాత్రం తేడా కనిపించకపోవచ్చు.

ఇంపల్స్_ల్యాబ్

రామం గారూ, అరెస్టర్ పనిచేయడం, ట్రాన్స్‌ఫార్మర్ భద్రంగా ఉండటం రెండూ ఒకటి కాదు. మీ 70 మీటర్లే ఈ కథలో ముఖ్యం. 10 కిలోఆంపియర్లు పోతున్నప్పుడు అరెస్టర్ మీద నిలిచే రెసిడ్యువల్ వోల్టేజ్ ఎంతో చెప్పగలరా? బీఐఎల్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ తట్టుకునే ఇంపల్స్ వోల్టేజ్, ఎంత? అరెస్టర్ పైన, కింద కలిపి లీడ్ పొడవు ఎంత?

యార్డ్_రామం

రెసిడ్యువల్ 310 కేవీ. బీఐఎల్ 650. లీడ్‌లు రెండూ కలిపి 5 మీటర్ల దాకా ఉంటాయి.

ఇంపల్స్_ల్యాబ్

సరే. అల వేగం మైక్రోసెకనుకు 300 మీటర్లు. 70 మీటర్లు వెళ్ళడానికి 0.233 మైక్రోసెకన్లు, వెళ్ళి రావడానికి 0.466. అల ముందు అంచు మైక్రోసెకనుకు 1000 కేవీ చొప్పున పెరుగుతోందని అనుకుందాం. దగ్గరలో పిడుగు పడితే అలా రావచ్చు. దూరం నుంచి వస్తే కరోనా ఆ అంచును మందగింపజేస్తుంది.

అల అరెస్టర్‌ను దాటుతుంది. 310 కేవీ చేరడానికి 0.31 మైక్రోసెకన్లు పడుతుంది, అప్పుడే అరెస్టర్ అడ్డుకట్ట వేస్తుంది. ఆలోపు దాటిన అల 310 కేవీ ఎత్తుతో ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరి రెట్టింపవుతుంది, అంటే 620. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తిరిగి వచ్చిన అల అరెస్టర్‌ను చేరేసరికి 0.466 దాటుతుంది. అప్పటికే ఆలస్యం. అరెస్టర్ తాను ఉన్నచోట 310 దగ్గర పట్టుకుంది, కానీ అవతల ఏం జరుగుతోందో దానికి తెలియదు.

దూరం తక్కువైతే తిరిగి వచ్చిన అల అరెస్టర్‌ను త్వరగా పనిచేయిస్తుంది. అప్పుడు లెక్క ఇది. Vtr ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజ్, Up అరెస్టర్ రెసిడ్యువల్, S అంచు పెరిగే వేగం, T ఒకవైపు ప్రయాణ సమయం:

```
Vtr = Up + 2*S*T     (గరిష్ఠం 2*Up)
```

30 మీటర్లయితే టీ 0.1, కాబట్టి 310కి 200 కలిపి 510 కేవీ. 70 మీటర్లకు ఈ ఫార్ములా 776 ఇస్తుంది, కానీ రెండు రెట్ల పరిమితి ఉంది కాబట్టి 620 దగ్గర ఆగుతుంది.

యార్డ్_రామం

620 అయినా 650 కంటే తక్కువే కదా సర్?

ఇంపల్స్_ల్యాబ్

కాగితం మీద అంతే. రెండు విషయాలు కలపాలి. ఒకటి, మీ 5 మీటర్ల లీడ్‌లు. లీడ్‌కు మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ. 1000 కేవీ చొప్పున పెరిగే అలను 400తో భాగిస్తే 2.5, అరెస్టర్ దారిలో దాదాపు రెట్టింపు, మైక్రోసెకనుకు 5 కిలోఆంపియర్లు. అయిదు మైక్రోహెన్రీల మీద 25 కేవీ పడుతుంది. అంటే బస్‌బార్ మీద కనిపించే రక్షణ 310 కాదు, 335. రెట్టింపు చేస్తే 670. బీఐఎల్ దాటింది. రెండు, పాతబడే లోపలి ఇన్సులేషన్‌కు 650 మొత్తం లెక్కలో పెట్టుకోకూడదు. 1.15 సేఫ్టీ ఫ్యాక్టర్ వాడతాం, అది సుమారు 565. ఆ రేఖను 620 కూడా దాటేసింది.

కానీ ఇది మీ ఫెయిల్యూర్‌కు రుజువు అని నేను అనను. అంచు మైక్రోసెకనుకు 500 కేవీ చొప్పునే పెరిగి ఉంటే లీడ్ లేకుండా 543 వస్తుంది, అప్పుడు నిందించాల్సింది వేరే. ఆ రాత్రి అంచు వేగం మనకు తెలియదు.

కంట్రోల్‌రూమ్_రవి

మరి మీరే ముందు చెప్పిన 0.8 మైక్రోసెకన్ల కెపాసిటెన్స్ మాటేమిటి? అది ఈ 620ని తగ్గించదా? అంచు వాలుగా మారితే అరెస్టర్‌కు సమయం దొరుకుతుంది కదా.

ఇంపల్స్_ల్యాబ్

మంచి ప్రశ్న, ఇక్కడ నేనూ ధైర్యంగా జవాబు చెప్పలేను. లైను అలాగే ఉండి కెపాసిటర్ ఛార్జ్ అవుతుంటే తగ్గుతుంది. కానీ అరెస్టర్ పట్టుకున్న తర్వాత చిత్రం మారుతుంది. 70 మీటర్ల బస్‌బార్ ఇండక్టెన్స్ సుమారు 93 మైక్రోహెన్రీలు. దాని చివర 2 నానోఫారడ్. ఒక వైపు అరెస్టర్ వోల్టేజ్‌ను కట్టేసి ఉంచుతుంది, మరో వైపు ఇవి ఊగుతాయి. ఊగే కాలం సుమారు 2.7 మైక్రోసెకన్లు. కెపాసిటెన్స్ ఎప్పుడూ మేలే చేస్తుందని చెప్పలేం. ఈఎమ్‌టీపీ సిమ్యులేషన్ ప్రోగ్రామ్‌లో యార్డు మొత్తం మోడల్ చేసి చూడాల్సిందే.

కేబుల్_జాయింటర్

నాకు లెక్కలు అంతగా రావు, కానీ ఒకటి అడగాలి. లైనుకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మధ్య కేబుల్ పెడితే సర్జ్ తగ్గుతుందని మా పెద్దవాళ్ళు అంటారు. ఒక 150 మీటర్ల కేబుల్ ఉంటే అరెస్టర్ లేకుండానే చాలు అంటారు. నిజమేనా?

ఫైనలియర్_ఈఈఈ

ఇది నేను వేసి చూశాను అన్నా. కేబుల్ సర్జ్ ఇంపెడెన్స్ 40 ఓమ్‌లు తీసుకున్నాను. లైను నుంచి కేబుల్‌లోకి వెళ్ళేటప్పుడు 300 కేవీ కాస్తా 54.5 అయిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దాదాపు రెట్టింపై 108. చాలా తక్కువ, కాబట్టి మీ పెద్దవాళ్ళు చెప్పింది నిజమే అనిపిస్తోంది.

ఇంపల్స్_ల్యాబ్

మొదటి అడుగు సరిగ్గా వేశావు, అక్కడితో ఆగిపోయావు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తిరిగిన అల కేబుల్ మొదట్లో మళ్ళీ 400 ఓమ్‌ల లైనును ఢీకొంటుంది. కేబుల్ వైపు నుంచి చూస్తే అదీ ఎక్కువ ఇంపెడెన్సే. అక్కడ 0.818 వంతు మళ్ళీ లోపలికే తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 0.98 వంతు. రెండూ గుణిస్తే 0.80. అంటే ప్రతి సారీ వెళ్ళివచ్చినప్పుడు మునుపటి అడుగులో 80 శాతం కొత్తగా చేరుతుంది. 108, 195, 264, 320, 364, 400, ఇలా మెట్లు ఎక్కుతూ చివరికి మళ్ళీ నీ 545 దగ్గరకే పోతుంది. మధ్యలో కేబుల్ ఉందని చివరి విలువ మారదు. అలల రాకపోకలను చూపే బ్యూలీ లాటిస్ పటం గీసి చూడు, వరుసగా కనిపిస్తుంది.

కేబుల్‌లో వేగం మైక్రోసెకనుకు 150 మీటర్ల చొప్పున అనుకుంటే, 150 మీటర్లకు ఒకసారి వెళ్ళిరావడానికి 2 మైక్రోసెకన్లు. 20 మైక్రోసెకన్లలో 90 శాతం దాకా చేరుకుంటుంది. 50 మైక్రోసెకన్లలో సగానికి తగ్గే మెరుపు అల తోకను తీసుకుంటే చివరి విలువ కొంత తగ్గుతుంది, కానీ ఆ 108 దగ్గర ఆగదు. కేబుల్ చేసే మేలు వేరే. అంచును మెట్లుగా మారుస్తుంది, అందువల్ల మొదటి డిస్కుల మీద పడే ఒత్తిడి తగ్గుతుంది. అల చిన్నదై, తోక పొట్టిగా ఉంటే కేబుల్ నిజంగానే కాపాడుతుంది. దీర్ఘమైన అలకు కాపాడదు. అరెస్టర్ లేకుండా వదిలేయమని నేను ఎవరికీ చెప్పను.

కేబుల్_జాయింటర్

అంటే కేబుల్ జాయింట్ దగ్గర కూడా అరెస్టర్ ఉండాలా?

ఇంపల్స్_ల్యాబ్

లైను, కేబుల్ కలిసే చోట తప్పకుండా ఉండాలి. చిన్న కేబుల్ అయితే అదొక్కటే కొన్నిసార్లు చాలుతుంది. పొడవైతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూడా ఒకటి కావాలి. ఎంత పొడవు దాటితే అన్నది అంచు వేగాన్ని, రెసిడ్యువల్‌ను బట్టి ఉంటుంది. ఐఈసీ 60099-5 లో దానికి పద్ధతి ఉంది.

యార్డ్_రామం

సర్, మాకు ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్‌కు సమాంతరంగా రాడ్ గ్యాప్ కూడా ఉంది. అది కాపాడలేదా?

ఇంపల్స్_ల్యాబ్

ఆ గ్యాప్‌లో స్పార్క్ దాటిందా, గుర్తులు ఏమైనా ఉన్నాయా? రాడ్ల కొనల మీద కరిగిన మచ్చలు చూశారా? ఎందుకంటే గ్యాప్‌లో స్పార్క్ దాటితే అది వోల్టేజ్‌ను హఠాత్తుగా కిందికి కోసేస్తుంది. వోల్టేజ్ ఎంత త్వరగా పడితే, మొదటి చుట్ల మధ్య ఒత్తిడి అంత ఎక్కువ. ఇలా మధ్యలో తరిగిన అలతో ట్రాన్స్‌ఫార్మర్‌ను ఫుల్ వేవ్ కంటే 10 శాతం ఎక్కువ పెట్టి పరీక్షించేది దానికోసమే. మీకు దెబ్బ తగిలిన చోటు సరిగ్గా మొదటి రెండు డిస్కుల్లోనే ఉంది కాబట్టి, రాడ్ గ్యాప్ దాటి ఉండవచ్చన్నది కూడా నా అనుమానాల్లో ఒకటి.

యార్డ్_రామం

మచ్చలు ఉన్నాయో లేవో ఎవరూ చూడలేదు. రాడ్లు ఇంకా స్టోర్‌లోనే ఉన్నాయి, తీయించి చూస్తాను.

రిలే_టెస్టర్

మచ్చలు కనిపిస్తే ఫొటో తీసి పెట్టండి. ఎటువైపు రాడ్ మీద ఎక్కువగా ఉన్నాయో కూడా రాయండి.

ఫైనలియర్_ఈఈఈ

నేను ఈలోపు 70 మీటర్ల కేసుకు లాటిస్ గీసి, అరెస్టర్‌ను 310 దగ్గర ఆపి, 2 నానోఫారడ్‌ను చివర పెట్టి చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. రవి అన్న ప్రశ్నకు, అంటే కెపాసిటెన్స్ 620ని పెంచుతుందా తగ్గిస్తుందా అన్నదానికి, మూడు నాలుగు అంచు వేగాలకు ఫలితాలు వచ్చాక ఇక్కడే పెడతాను. అరెస్టర్‌ను కట్టేసిన వోల్టేజ్‌గా తీసుకోవచ్చా, లేక దాని వీఐ వక్రరేఖ కూడా పెట్టాలా?

ఇంపల్స్_ల్యాబ్

ముందు కట్టేసిన వోల్టేజ్‌తోనే చెయ్యి. ఫలితం 620కి దగ్గరగా వస్తుంటే వక్రరేఖ పెట్టి మళ్ళీ చూడు. లీడ్ ఇండక్టెన్స్ అయిదు మైక్రోహెన్రీలు మాత్రం మర్చిపోకు.